బహుభాషా సమావేశాల్లో దుబాసీ ధ్వని ఛానెళ్ళ అమరిక: నస్పూరు ప్రాంత గోండి – తెలుగు సందర్భం

వ్యాససంగ్రహం:
బహుభాషా సమావేశాల్లో శ్రోత తనకు కావలసిన భాషను ఎంచుకొని వినడానికి ధ్వని ఛానెళ్ళను ఏర్పాటు చేస్తారు. ఈ అమరికను ఎక్కువగా వేదికమీది మాటను శ్రోతకు చేర్చే సాధనంగానే భావిస్తారు. శ్రోత తన భాషలో మాట్లాడినపుడు ఆ మాట వేదికకూ, నమోదు పత్రానికీ చేరే తిరుగు మార్గం అందులో ఉన్నదా లేదా అనేది ఈ వ్యాసం పరిశీలించే ప్రధాన విషయం. ఉత్తర తెలంగాణలోని నస్పూరు పరిసరాల్లో గని విషయమై జరిగే ప్రజాభిప్రాయ సేకరణను నమూనాగా తీసుకొని, సభామందిరంలోనూ, జూమ్ వేదికమీదా ఛానెళ్ళను అమర్చే విధానాన్ని, అందులో ఎదురయ్యే లోపాలను వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: దుబాసీ, ఏకకాల భాషణానువాదం, ధ్వని ఛానెల్, రిలే, గోండి, ప్రజాభిప్రాయ సేకరణ.

1. ప్రవేశిక

నస్పూరులో మంచిర్యాల జిల్లా కలెక్టర్ కార్యాలయం ఉంది. దాని పక్కనే సింగరేణి సంస్థ శ్రీరాంపూర్ ప్రాంతపు బొగ్గుగనులున్నాయి. జిల్లాలో కొంతదూరం వెళితే జన్నారం వంటి మండలాల్లో గోండి మాట్లాడే గూడేలు కనిపిస్తాయి. పొరుగున ఉన్న కుమురం భీం ఆసిఫాబాద్, ఆదిలాబాద్ జిల్లాల్లో గోండితోపాటు కొలామీ, మరాఠీ భాషలు కూడా వినిపిస్తాయి. 2011 జనగణన ప్రకారం దేశంలో గోండి మాతృభాషీయులు సుమారు 29.8 లక్షలు, కొలామీ మాతృభాషీయులు సుమారు 1.28 లక్షలు. ఈ రెండు భాషలూ రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులో లేవు.

ఈ ప్రాంతంలో పాలన ప్రజలతో ముఖాముఖి మాట్లాడే సందర్భాలు కొత్తవి కావు. కుమురం భీం పోరాటానంతరం మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ చొరవతో కేస్లాపూర్ నాగోబా జాతరలో 1940వ దశకంలో మొదలైన దర్బారు అటువంటిదే. అక్కడా గిరిజనుల మాటకూ అధికారుల మాటకూ మధ్య భాషాంతరం ఉంది. ఆ దూరాన్ని దాటించే మనిషిని తెలుగులో చిరకాలంగా 'దుబాసీ' అంటున్నారు. ద్విభాషి శబ్దభవమైన ఈ మాట వాడుకలో ఉండగా కొత్త పారిభాషిక పదం అవసరం లేదు కనుక ఈ వ్యాసంలో దానినే గ్రహించడమైంది.

2. చట్టం అడిగేదేమిటి?

గనుల వంటి ప్రాజెక్టులకు పర్యావరణ అనుమతి ఇచ్చే ముందు జరిపే ప్రజాభిప్రాయ సేకరణకు 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన ఆధారం. సమావేశానికి జిల్లా మేజిస్ట్రేటు గాని, అదనపు జిల్లా మేజిస్ట్రేటు స్థాయికి తగ్గని ప్రతినిధి గాని అధ్యక్షత వహించాలి. సమావేశాన్నంతా వీడియో తీయాలి. ప్రజలు చెప్పిన అభిప్రాయాలనూ ఆందోళనలనూ యథాతథంగా ప్రతిబింబించే కార్యక్రమ నివేదికను రాయించి, సమావేశం ముగిసేటపుడు దానిని సభికులకు చదివి వినిపించి, ప్రాంతీయ భాషలో వివరించాలి.

ఇక్కడ 'ప్రాంతీయ భాష' అంటే ఆచరణలో తెలుగు అవుతుంది. గోండి మాతృభాషగా గల వృద్ధురాలికి తెలుగు అంగడి వ్యవహారానికి సరిపోవచ్చు. భూసేకరణ, పునరావాసం, గని నుంచి తోడిపోసే నీరు వంటి విషయాల మీద అభ్యంతరం చెప్పడానికి అది చాలకపోవచ్చు. ఆమె గోండిలో మాట్లాడితే ఆ మాట నివేదికలోకి ఏ దారిన చేరుతుందో సమావేశానికి ముందే నిర్ణయించవలసి ఉంటుంది. ఛానెళ్ళ అమరిక ఆ దారిని నిర్ణయించే పని.

3. ఛానెల్ అంటే ఏమిటి?

వక్త మాట్లాడుతూ ఉండగానే దుబాసీ చెవితో వింటూ మరో భాషలో పలకడం ఏకకాల భాషణానువాదం. దీనిని పెద్ద ఎత్తున వాడిన తొలి ప్రసిద్ధ సందర్భం 1945 నవంబరులో మొదలైన న్యూరెంబర్గ్ విచారణ. అక్కడ ప్రతి ఆసనం వద్దా హెడ్‌ఫోనూ, తిప్పే మీటా ఉండేవి. మూల భాషణం, ఇంగ్లీషు, రష్యన్, ఫ్రెంచి, జర్మన్ అనే ఐదు ఛానెళ్ళలో ఒకదానిని శ్రోత ఎంచుకొనేవాడు. వక్త వేగం పెరిగితే పసుపు దీపం, ఆగవలసి వస్తే ఎర్రదీపం వెలిగేవి. అక్కడ గమనించదగిన మరో అంశం నమోదుకు సంబంధించినది: నాలుగు భాషలకూ వేర్వేరుగా లఘులేఖకులు ఉండేవారు, మూల భాషణాన్ని ధ్వనిముద్రణ చేసేవారు. అంటే విన్న అనువాదాన్ని తరువాత మూలంతో సరిపోల్చే వీలు అమరికలోనే ఉంది.

భారత పార్లమెంటులో లోక్‌సభ 1964 నుంచి ఇంగ్లీషు – హిందీ ఏకకాల అనువాదాన్ని ఉపయోగిస్తోంది. రాజ్యసభలో 2018 నాటికి ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషల్లోనూ సభ్యులు మాట్లాడే వీలు కలిగింది. గోండి ఆ జాబితాలో లేదు కనుక దానికి సిద్ధంగా ఉన్న అధికారిక దుబాసీ వ్యవస్థ కూడా లేదు. ఏర్పాటు స్థానికంగానే జరగాలి.

4. నమూనా సమావేశం: ఛానెళ్ళ పట్టిక

నస్పూరులోని ఒక సభామందిరంలో 80 మంది పాల్గొనే సమావేశం జరుగుతుందని అనుకుందాం. వేదికమీద ఆరుగురు, సభలో 44 మంది తెలుగు వినేవారు, 30 మంది గోండి వినేవారు ఉన్నారు. వేదికమీది ఆరుగురిలో ఒక నిపుణుడు ఇంగ్లీషులో మాత్రమే మాట్లాడతాడు.

దీనికి నాలుగు ఛానెళ్ళు చాలు. 0వ ఛానెల్‌లో మూల భాషణం, 1వ దానిలో తెలుగు, 2వ దానిలో గోండి, 3వ దానిలో ఇంగ్లీషు ఉంటాయి. ఏకాగ్రత తగ్గకుండా దుబాసీలు సుమారు అరగంటకు ఒకసారి మారతారు కనుక గోండి – తెలుగు జంటకు ఇద్దరు, తెలుగు – ఇంగ్లీషు జంటకు ఇద్దరు, మొత్తం నలుగురు కావాలి.

గోండి – ఇంగ్లీషు మధ్య నేరుగా అనువదించగలవారు దొరకడం కష్టం. అందువల్ల తెలుగును నడిమి భాషగా పెట్టుకోవాలి. దీనిని రిలే పద్ధతి అంటారు. నిపుణుడు ఇంగ్లీషులో మాట్లాడితే మొదటి బృందం దానిని 1వ ఛానెల్‌లో తెలుగు చేస్తుంది. గోండి బృందం ఆ 1వ ఛానెల్‌ను విని 2వ ఛానెల్‌లో గోండి పలుకుతుంది. గోండి మహిళ మాట్లాడితే మార్గం తిరగబడుతుంది. గోండి బృందం 1వ ఛానెల్‌లో తెలుగు పలుకుతుంది. ఇంగ్లీషు బృందం దానిని విని 3వ ఛానెల్‌లోకి పంపుతుంది. ఇందుకోసం ప్రతి దుబాసీ పెట్టె మీద రెండు మీటలుండాలి: దేనిని వింటున్నారు, దేనిలోకి పలుకుతున్నారు అనేవి విడివిడిగా మార్చుకొనేందుకు వీలుండాలి.

తెలుగు నడిమి భాష కావడానికి భాషాశాస్త్ర పరమైన అనుకూలత కూడా ఉంది. తెలుగూ గోండి దక్షిణ మధ్య ద్రావిడ శాఖకే చెందిన భాషలు. రెండింటిలోనూ క్రియ వాక్యం చివర వస్తుంది. 'వానాకాలంలో గని నుంచి తోడే నీటిని శుద్ధి చేయకుండా వాగులోకి వదలము' అన్న వాక్యంలో ఒప్పందం సారమంతా చివరి పదంలో ఉంది. 'వదలము' బదులు 'వదులుతాము' వస్తే అర్థం తలకిందులవుతుంది. గోండిలోకి మార్చే దుబాసీ పదబంధాలను వచ్చిన వరుసలోనే అందుకొని చివరి క్రియను చివరనే పెట్టగలడు. ఇంగ్లీషులో కర్త తరువాత వెంటనే క్రియ, నిషేధం రావాలి కనుక ఇంగ్లీషు దుబాసీ తెలుగు వాక్యం పూర్తయ్యేదాకా ఆగవలసి వస్తుంది, లేదా ముందుగా ఊహించవలసి వస్తుంది. కనుక రిలేలో ఆలస్యం ప్రధానంగా ఇంగ్లీషు వైపు పోగుపడుతుంది. వేదికమీది అధ్యక్షునికి ఈ విషయం తెలిసి ఉంటే నిపుణుడు తల ఊపేదాకా కొన్ని క్షణాలు ఆగి తరువాతి వక్తను పిలుస్తాడు. తెలియకపోతే ప్రశ్న చివరి భాగం నిపుణుని చెవికి చేరకముందే జవాబు మొదలవుతుంది.

5. సభామందిరంలో అమరిక

సభలోని మైకులన్నీ ఒక మిక్సరుకు చేరతాయి. మిక్సరు నుంచి ఒక తీగ హాలు స్పీకర్లకు, మరొకటి దుబాసీల హెడ్‌ఫోన్లకు వెళుతుంది. దుబాసీలకు వెళ్ళే ధ్వనిలో దుబాసీల గొంతు కలవకూడదు. కలిస్తే తమ మాటే తమకు తిరిగి వినిపించి వారు తడబడతారు. దుబాసీ పలికినది ప్రసారిణి ద్వారా ఆయా ఛానెల్‌లో శ్రోతల చేతి రిసీవర్లకు చేరుతుంది.

దుబాసీలకు ధ్వని చొరని గది అవసరం. తరలించగల గదులకు ఐ.ఎస్.ఓ. 4043 ప్రమాణం ఉంది. దాని ప్రకారం ఇద్దరు కూర్చొనే గది కనీసం 1.60 మీటర్ల వెడల్పు, 1.60 మీటర్ల లోతు, 2 మీటర్ల ఎత్తు ఉండాలి. అటువంటి గది దొరకనపుడు పక్కగదిలో కూర్చోబెట్టి వేదిక దృశ్యాన్ని తెరమీద చూపవచ్చు. వక్త ముఖం కనిపించకుండా పని చేయించడం మాత్రం తగదు. 'ఇక్కడి నుంచి అక్కడిదాకా' అని వక్త చేయి చూపిన చోట మాటలో అర్థం సగమే ఉంటుంది.

ప్రసారానికి పరారుణ కిరణాలను గాని, రేడియో తరంగాలను గాని వాడతారు. పరారుణ కిరణాలు గోడలు దాటవు కనుక గోప్యత ఉంటుంది. కాని ఎండలో అవి పనిచేయవు. ప్రజాభిప్రాయ సేకరణలు తరచు షామియానా కింద జరుగుతాయి. మధ్యాహ్నం పక్క నుంచి ఎండ పడిన వరుసల్లో రిసీవర్లు గరగరమంటాయి, లేదా మూగబోతాయి. ఉదయం పరీక్షించినపుడు బాగానే ఉన్న పరికరం రెండు గంటలకు పాడైందంటే మొదట చూడవలసింది ఎండను. ఆరుబయట రేడియో పద్ధతే తగినది.

ఇక రిసీవర్ల సంఖ్య. గోండి వినే 30 మందికి 30 రిసీవర్లు తెప్పించడం సాధారణంగా జరిగే పని. లోపం ఇక్కడే మొదలవుతుంది. గోండి మహిళ మాట్లాడేటపుడు అనువాదం కావలసింది ఆ 30 మందికి కాదు, మిగిలిన 50 మందికి. వారి చేతిలో రిసీవరు లేకపోతే దుబాసీ తెలుగును హాలు స్పీకర్లలో వినిపించాలి. అప్పుడు గోండి, తెలుగు ఒకేసారి మోగి రెండూ అర్థం కావు. వక్తను రెండు మూడు వాక్యాలకొకసారి ఆపి అనువదిస్తే ఆమెకు ఇచ్చిన ఐదు నిమిషాల్లో రెండున్నర నిమిషాలు అనువాదానికే పోతాయి. వేదికమీది వక్తకు ఆ నష్టం లేదు. కనుక 80 మందికీ రిసీవర్లు ఉండాలి. పాడయ్యేవాటికి మరో ఎనిమిది కలిపి 88 తెప్పించాలి. అది వీలుకానిచో వేదికకూ, నివేదిక రాసేవారికీ తప్పక ఇచ్చి, ఆగి అనువదించే వక్తలకు రెట్టింపు సమయం కేటాయించాలి.

రిసీవరు మీద అంకెలు చదవలేనివారు ఉండవచ్చు. ఛానెల్‌ను ముందే సరిచేసి, రంగు కాగితం అంటించి పంచడం సులువైన మార్గం. సభ మొదలుకాకముందు ప్రతి దుబాసీ తన ఛానెల్‌లో, ఆ భాషలోనే, ఇది ఏ భాషా ఛానెల్లో పలుమార్లు చెప్పాలి. తప్పు ఛానెల్ పెట్టుకొన్నవారు అప్పుడే చెయ్యెత్తుతారు.

6. జూమ్ వేదికమీద అమరిక

సభకు రాలేనివారు దూరం నుంచి చేరే సమావేశాల్లో జూమ్ వంటి వేదికలు ఇదే పనిని ఫోనులో చేస్తాయి. ఖాతా అమరికల్లో `Language Interpretation` సౌకర్యాన్ని ముందుగా తెరవాలి. సిద్ధంగా ఇచ్చిన భాషల జాబితాలో గోండి ఉండదు. దాని పేరును అదనపు భాషగా చేర్చుకోవాలి. సమావేశాన్ని నిర్ణయించేటపుడు వ్యక్తిగత గుర్తింపు సంఖ్యను కాక, అప్పటికప్పుడు ఏర్పడే సంఖ్యను ఎంచుకోవాలి. ప్రతి దుబాసీ ఈమెయిలునూ, అతని భాషాజంటనూ నమోదు చేయాలి. సమావేశం మొదలయ్యాక నిర్వాహకుడు అనువాదాన్ని ప్రారంభిస్తేనే శ్రోతల తెరమీద `Interpretation` గుర్తు కనిపిస్తుంది. దుబాసీ తాను ఏ భాషలోకి పలుకుతున్నాడో ప్రతి మలుపులోనూ మార్చుకోవాలి. రిలే అవసరమైతే దుబాసీలు ఇతర ఛానెళ్ళను వినే అనుమతిని కూడా అమరికల్లో ఇవ్వాలి.

ఇక్కడ మూడు లోపాలు తరచు ఎదురవుతాయి. మొదటిది తెలుగు శ్రోతలకు సంబంధించినది. వక్తలెక్కువమంది తెలుగులోనే మాట్లాడుతున్నారు కనుక తాము ఏ ఛానెలూ ఎంచుకోనక్కరలేదని వారు అనుకొంటారు. గోండి వక్త మాట్లాడినపుడు వారికి గోండి మాత్రమే వినిపిస్తుంది. అనువాదం లేదని వారు ఫిర్యాదు చేస్తారు, కాని దుబాసీ అప్పుడు తెలుగు ఛానెల్‌లో పలుకుతూనే ఉంటాడు. కనుక ఆరంభంలోనే అందరూ ఒక భాషను ఎంచుకోవాలని చెప్పాలి.

రెండవది `Mute Original Audio` అనే మీట. మూల ధ్వని సన్నగా వెనుక వినిపించడం ఇష్టం లేక దానిని నొక్కుతారు. తెలుగు ఛానెల్‌లో ఉన్న శ్రోత దానిని నొక్కితే, వక్త తెలుగులో మాట్లాడేటపుడు ఆ ఛానెల్‌లో దుబాసీ పలకడు కనుక నిశ్శబ్దమే మిగులుతుంది. 'మధ్యమధ్యలో ధ్వని పోతోంది' అన్న ఫిర్యాదు వచ్చినపుడు నెట్‌వర్కును అనుమానించే ముందు, అది పోయే సమయం వక్త భాష మారే సమయంతో కలుస్తున్నదేమో చూడాలి.

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. అది రికార్డింగుకు సంబంధించింది. సాధారణ అమరికలో జూమ్ క్లౌడ్ రికార్డింగు మూల ధ్వనిని మాత్రమే భద్రపరుస్తుంది. సొంత కంప్యూటరులో చేసే రికార్డింగు ఆ వ్యక్తి వింటున్న ధ్వనిని మాత్రమే పట్టుకొంటుంది. అంటే తరువాత నివేదిక రాసే ఉద్యోగి క్లౌడ్ రికార్డింగును తెరిస్తే గోండి మాటల వద్ద తనకు తెలియని భాష వినిపిస్తుంది. సమావేశంలో అందరూ విన్న తెలుగు అనువాదం అందులో ఉండదు. అప్పుడు 'స్థానికులు తమ భాషలో అభ్యంతరాలు తెలిపారు' అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టే ప్రమాదం ఉంది. దీనికి పరిష్కారం చిన్నదే. మరొక కంప్యూటరును సమావేశంలో చేర్చి, తెలుగు ఛానెల్‌లో ఉంచి, మూల ధ్వనిని ఆపకుండా వేరుగా రికార్డు చేయాలి. క్లౌడ్‌లో మూలం, ఇక్కడ అనువాదం ఉంటాయి. ఒకదానిని మరొకదానితో సరిపోల్చవచ్చు.

ఈ వేదికకు పరిమితులు కూడా ఉన్నాయి. ఇంటర్నెట్ లేక మామూలు ఫోను కాల్ ద్వారా చేరినవారు భాషను ఎంచుకోలేరు. వారికి మూల ధ్వనే వినిపిస్తుంది. సిగ్నల్ బలహీనంగా ఉన్న గూడేలలో ఒక్కొక్కరికి ఒక ఫోను కాక, ఒక చోట కూర్చోబెట్టి గోండి ఛానెల్ పెట్టిన ఒక కంప్యూటరును స్పీకరుకు కలపడం మేలు. అయితే అక్కడివారు మాట్లాడేటపుడు ఆ స్పీకరును ఆపాలి. లేకపోతే దుబాసీ గొంతు మైకులో పడి మళ్ళీ సభకు చేరుతుంది.

7. పరీక్షించే పద్ధతి

'వినిపిస్తోందా?' అని అడిగితే ధ్వని ఉందో లేదో తెలుస్తుంది గాని, సరైన భాష చేరిందో లేదో తెలియదు. పరీక్ష రెండు దిశల్లోనూ జరగాలి. వేదిక నుంచి ఒకరు తెలుగులో ఒక ఊరిపేరు, ఒక ఎకరాల సంఖ్య, ఒక తేదీ చెప్పాలి. గోండి శ్రోతలలో ఒకరు దానిని తిరిగి చెప్పాలి. తరువాత గోండి శ్రోత సభ మైకులో అటువంటి వివరాలే గోండిలో చెప్పాలి. వేదికమీద నివేదిక రాసే ఉద్యోగి దానిని తెలుగులో రాసి చదవాలి. చివరగా రికార్డింగును ఆపి, విని, రెండు గొంతులూ అందులో ఉన్నాయో లేవో చూడాలి. ఈ మూడవ మెట్టును వదిలేస్తే లోపం సమావేశం ముగిసిన తరువాత గాని బయటపడదు.

అంకెలూ పేర్లూ ఎంచుకోవడానికి కారణం ఉంది. వాక్యార్థాన్ని సందర్భాన్ని బట్టి ఊహించవచ్చు గాని అంకెను ఊహించలేము. దుబాసీ జారవిడిచేవి కూడా ఎక్కువగా అవే. అందువల్ల నిపుణుడు చూపబోయే పటాలు, పట్టికలు దుబాసీలకు ముందురోజే చేరాలి. ఓపెన్‌కాస్టు, ఓబీ మట్టి వంటి మాటలు గని ప్రాంతపు గోండులకు తెలుగులో కంటె ఆ రూపంలోనే బాగా తెలుసు. వాటిని అలాగే ఉంచాలా, వివరించాలా అన్నది ఇద్దరు గోండి దుబాసీలూ ముందే కలిసి నిర్ణయించుకోవాలి. గోండిలో ప్రాంతభేదాలు గణనీయం కనుక దుబాసీ ఈ ప్రాంతపు గోండి తెలిసినవాడై ఉండాలి.

8. ముగింపు

ఛానెళ్ళ అమరికలో గోండి శ్రోతకు రిసీవరు ఇవ్వడం సగం పని. వేదికమీది అధికారి, నివేదిక రాసే ఉద్యోగి కూడా రిసీవరు పెట్టుకోవడం, దుబాసీ పలికిన తెలుగు వేరుగా రికార్డు కావడం, మూల గోండి భాషణం దానితోపాటు భద్రంగా ఉండడం మిగిలిన సగం. ఎంత మంచి అమరికైనా శిక్షణ పొందిన దుబాసీ లేని లోటును తీర్చదు. నివేదికలో చేరిన తెలుగు ఎప్పటికీ అనువాదమే. అందుకే నివేదికను సభకు చదివి వినిపించే ఘట్టంలో కూడా 2వ ఛానెల్ పనిచేస్తూ ఉండాలి. తాను చెప్పినది ఏ రూపంలో నమోదైందో గోండి వక్త తన భాషలో విని, తేడా ఉంటే అక్కడికక్కడే చెప్పగలగాలి. ఆచరణలో దుబాసీలను విడిచిపెట్టేసి, పరికరాలను సర్దడం మొదలుపెట్టేది సరిగ్గా ఆ ఘట్టానికి ముందే. సమావేశ కార్యక్రమ పట్టికలో దుబాసీల పని ముగిసే సమయాన్ని నివేదిక పఠనం తరువాత వేయడం నిర్వాహకులు చేయవలసిన మొదటి మార్పు.